అంచు కొలత తెలిస్తే పిరమిడ్ ఎత్తు, ఘనపరిమాణం

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ధ్యానం కోసం డాబా మీద పిరమిడ్ కట్టించుకునేవాళ్ళున్నారు. నగరానికి దక్షిణాన, కనకపుర రోడ్డు వైపున్న పిరమిడ్ వ్యాలీని చూసొచ్చాక ఆ కోరిక కలిగినవాళ్ళూ ఉంటారు. మాట వెల్డర్ దాకా వెళ్ళేసరికి లెక్క మొదలవుతుంది. వెల్డర్ కోసేది పైపు. కింద నాలుగు మూలల నుంచి పైన కొన దాకా వాలుగా వెళ్ళే నాలుగు పైపుల పొడవు అతని చేతిలో ఉంటుంది. ఎత్తు మాత్రం ఎవరి చేతికీ చిక్కదు. అది లోపల, గాలిలో, కొన నుంచి నేల మధ్యకు దిగే గీత. ఆ గీత వెంట పైపూ ఉండదు, గోడా ఉండదు. కట్టడం పూర్తయి షీట్లు వేశాక బయట నుంచి టేపుతో సులువుగా కొలవగలిగేవి అడుగు చతురస్రం భుజం, మూల నుంచి కొనకు వెళ్ళే ఏటవాలు అంచు. ఈ రెండూ తెలిస్తే ఎత్తూ, ఘనపరిమాణమూ వస్తాయి. లెక్క పెద్దది కాదు. కానీ అందులో ఒకచోట జరిగే పొరపాటు, చూడ్డానికి సరైన జవాబులాగే కనిపిస్తుంది.

ముందుగా ఆకారం సంగతి. క్రమ పిరమిడ్ అంటే ఇక్కడ అడుగు చతురస్రం, కొన ఆ చతురస్రం సరిగ్గా మధ్యకు పైన ఉండాలి. అప్పుడే నాలుగు అంచులూ సమానంగా ఉంటాయి, నాలుగు ముఖాలూ ఒకేలాంటి సమద్విబాహు త్రిభుజాలవుతాయి. కొనకు దారం కట్టి గుండు వేలాడదీస్తే అది చతురస్రం కర్ణాలు రెండూ ఒకదాన్నొకటి దాటే చోట ఆగుతుంది.

ఆ దారాన్ని, ఏదో ఒక అంచు పైపును, ఆ పైపు మొదలు నుంచి గుండు ఆగిన చోటికి నేల మీద గీసిన గీతను కలిపి చూడాలి. లంబకోణ త్రిభుజం కనిపిస్తుంది. నిలువు భుజం ఎత్తు. వాలుగా ఉన్న పెద్ద భుజం అంచు. నేల మీది భుజం ఏమిటన్నదే ఈ లెక్కకంతటికీ కీలకం. అంచు మొదలయ్యేది మూలలో. కాబట్టి నేల మీది గీత మూల నుంచి మధ్యకు వెళ్తుంది. అంటే చతురస్రం కర్ణంలో సగం. భుజం a అయితే కర్ణం a√2, అందులో సగం a/√2, దాని వర్గం a²/2. అంచును l అనీ, ఎత్తును h అనీ అనుకుంటే పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం:

h² = l² − a²/2

V = a² × h ÷ 3

మొదటిది ఎత్తు ఇస్తుంది, రెండోది ఘనపరిమాణం. సూత్రంలో వర్గమూలం గుర్తు √2 కనిపించదు, ఎందుకంటే వర్గం చేసేసరికి అది 2గా మారిపోయింది. చేతి లెక్కకు ఇది పెద్ద సౌకర్యం. కర్ణం పొడవు విడిగా కట్టాల్సిన పనే లేదు. భుజం వర్గంలో సగం తీసేస్తే చాలు.

డాబా మీద 12 అడుగుల చతురస్రం, 11 అడుగుల అంచులు అనుకుందాం. 12 వర్గం 144, అందులో సగం 72. 11 వర్గం 121. 121లో 72 తీసేస్తే 49. కాబట్టి ఎత్తు 7 అడుగులు. ఘనపరిమాణం 144ను 7తో హెచ్చించి 3తో భాగిస్తే 336 ఘనపు అడుగులు. మధ్యలో నిలబడితే తల తగలదు, గోడ వైపు జరిగితే వంగాల్సిందే. 7 అడుగులన్నది ఒక్క మధ్య బిందువు దగ్గరే కదా.

ఇప్పుడు పొరపాటు సంగతి. పిరమిడ్ బొమ్మ గీసినప్పుడు చాలామంది కళ్ళు ముఖం మీదకే పోతాయి, ఎందుకంటే పుస్తకాల్లో లెక్కలు ఎక్కువగా ముఖం మధ్య గీతతో ఇస్తారు. అంటే కొన నుంచి కింది భుజం మధ్య బిందువుకు దిగే గీత, ఏటవాలు ఎత్తు. ఆ గీత కింద ఏర్పడే లంబకోణ త్రిభుజంలో నేల మీది భుజం a/2, అంటే భుజంలో సగం. అక్కడ తీసేయాల్సింది a²/4. ఆ అలవాటుతో అంచు లెక్కలో కూడా a²/4 తీసేస్తే ఏమవుతుంది? 121లో 36 తీసేస్తే 85 మిగులుతుంది, వర్గమూలం 9.22. ఎత్తు 9 అడుగుల పైచిలుకు అని వస్తుంది. ఘనపరిమాణం 442 ఘనపు అడుగులు దాటుతుంది. అసలుది 336. దాదాపు మూడో వంతు ఎక్కువ చూపించినట్టు.

ఆ 9.22 ఏదో అర్థంలేని సంఖ్య కాదు. అది ముఖం మధ్య గీత పొడవు. అంచు, భుజంలో సగం, ముఖం మధ్య గీత ఈ మూడూ కలిసి ముఖం మీదే ఒక లంబకోణ త్రిభుజం చేస్తాయి. అంచు వర్గంలోంచి సగం భుజం వర్గం తీసేస్తే వచ్చేది ఆ ముఖం మధ్య గీతే. అంటే పొరపాటు చేసినవాళ్ళు ఎత్తు కట్టామనుకుని, తెలియకుండా ముఖం మధ్య గీతను కట్టారు. అందుకే ఆ జవాబు మీద అనుమానం రాదు. అంచుకంటే చిన్నదిగా, నమ్మదగ్గట్టుగా ఉంటుంది.

మిగతా తప్పులు ఇంత ప్రమాదకరం కావు. సగం కర్ణానికి బదులు మొత్తం కర్ణం తీసుకుంటే 121లోంచి 288 తీయాలి, లెక్క అక్కడే ఆగిపోతుంది. మొత్తం భుజం తీసుకున్నా 121లోంచి 144 తీయాలి, మళ్ళీ అదే గతి. ఇలాంటి కొలతల్లో ఆ తప్పులు వాటంతటవే బయటపడతాయి. సగం భుజం తప్పు మాత్రం చప్పుడు లేకుండా లోపలికి వచ్చేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి మంచి మార్గం, కట్టిన పిరమిడ్ అయితే, మూడో కొలత ఒకటి తీయడం. కొన నుంచి ఒక ముఖం మధ్య గీత వెంట కిందికి టేపు పట్టాలి. 12, 11 కొలతల పిరమిడ్‌లో అది 9 అడుగుల 2 అంగుళాల మీద కొంచెం, సుమారు మూడు అంగుళాల లోపు ఉండాలి. దాని వర్గం 85, అందులోంచి 36 తీసేస్తే మళ్ళీ 49, ఎత్తు మళ్ళీ 7. రెండు దారుల్లో వెళ్ళినా ఒకే చోటికి చేరితే కొలతలు నమ్మొచ్చు. కాగితం మీద లెక్క అయితే మూడు పొడవులనూ పక్కపక్కన రాసి చూడాలి. ఎత్తు అన్నిటికంటే చిన్నది, ముఖం మధ్య గీత దానికంటే పెద్దది, అంచు అన్నిటికంటే పెద్దది. 7, 9.22, 11. మధ్య సంఖ్యను ఎత్తుగా రాసి ఉంటే అప్పుడు కనిపిస్తుంది. షీట్ల లెక్కకు కావలసింది కూడా ఆ మధ్య సంఖ్యే. ఒక్కో ముఖం వైశాల్యం 12 × 9.22 ÷ 2, అంటే 55 చదరపు అడుగులకు కాస్త ఎక్కువ, నాలుగూ కలిపి సుమారు 221. కోతలో పోయే వృథా దీనికి అదనం.

డాబా పిరమిడ్లు కట్టించేవాళ్ళలో చాలామంది ఈజిప్టులోని గీజా మహా పిరమిడ్ నిష్పత్తే కావాలంటారు. దాని అసలు భుజం సుమారు 230.3 మీటర్లు, అసలు ఎత్తు సుమారు 146.6 మీటర్లు. ఎత్తును భుజంతో భాగిస్తే 0.636 దాకా వస్తుంది. పిరమిడ్ వ్యాలీలోని పెద్ద పిరమిడ్‌కు భుజం 160 అడుగులు, ఎత్తు 102 అడుగులు అని చెబుతారు. ఆ నిష్పత్తి కూడా అంతే. ఇక్కడ ప్రశ్న తలకిందులవుతుంది. ఎత్తు నిష్పత్తి ముందే తెలుసు, వెల్డర్‌కు చెప్పాల్సిన అంచు పొడవు కావాలి. అదే సూత్రాన్ని అటు నుంచి ఇటు చదివితే చాలు. ఎత్తు వర్గానికి భుజం వర్గంలో సగం కలిపి వర్గమూలం తీస్తే అంచు వస్తుంది. భుజాన్ని 1 అనుకుంటే 0.405, 0.5 కలిపి 0.905, వర్గమూలం 0.951. అంటే గీజా నిష్పత్తిలో అంచు ఎప్పుడూ భుజంకంటే సుమారు ఐదు శాతం తక్కువ. 12 అడుగుల భుజానికి 11.42 అడుగులు.

ఈ 11.42ని 11 అడుగుల 4 అంగుళాలు అని రాసి ఇచ్చేవాళ్ళుంటారు. దశాంశం తర్వాత ఉన్నది అడుగులో భాగం, అంగుళాలు కాదు. 0.42ను 12తో హెచ్చిస్తే 5 అంగుళాలు. కాబట్టి 11 అడుగుల 5 అంగుళాలు. మనం ముందు తీసుకున్న 11 అడుగుల అంచు గీజా నిష్పత్తికి ఐదు అంగుళాలు తక్కువ. ఎత్తులో తేడా అంతకంటే ఎక్కువ. 7 అడుగులకు బదులు 7 అడుగుల 7 అంగుళాల పైన ఉండాలి.

కోణం దగ్గర కూడా అంచుకూ ముఖానికీ తేడా మరిచిపోతే పైపు పాడవుతుంది. గీజా పిరమిడ్ వాలు 52 డిగ్రీలకు కొంచెం తక్కువ అని అందరూ చెప్పుకుంటారు. నిజమే, కానీ అది ముఖం నేలతో చేసే కోణం. అంచు నేలతో చేసే కోణం అది కాదు. అంచు మూల దాకా, అంటే మధ్య నుంచి ఇంకా దూరం పోయి దిగుతుంది కాబట్టి దాని వాలు తక్కువ. ఎత్తును సగం కర్ణంతో భాగిస్తే 0.9 వస్తుంది, దానికి సరిపడే కోణం 42 డిగ్రీలు. అంచు పైపు అడుగును 52 డిగ్రీల లెక్కన కోస్తే అది నేల మీద చదునుగా కూర్చోదు, పది డిగ్రీల సందు మిగులుతుంది. వెల్డింగుతో ఆ సందు పూడ్చేయొచ్చు గానీ, బరువు మోసే మూల అక్కడే కాబట్టి అలా పూడ్చడం మంచిది కాదు.

కొలతలో చిన్న తేడా ఎత్తులో ఎంత తేడా తెస్తుందన్నది దీని తర్వాత అడగాల్సిన ప్రశ్న. భుజం మారకుండా అంచు ఒక అంగుళం పెరిగితే, ఎత్తు సుమారు l/h అంగుళాలు పెరుగుతుంది. 11, 7 పిరమిడ్‌లో అది 1.57. అంటే అంచులో అంగుళం తప్పితే ఎత్తులో అంగుళంన్నర. సర్దుకోవచ్చు. కానీ ఎండ కోసమో వాన కోసమో వేసే చదునైన కప్పులు ఇంకో కథ. అదే 12 అడుగుల చతురస్రం మీద 9 అడుగుల అంచులు పెడితే 81లో 72 పోగా 9, ఎత్తు 3 అడుగులు. అక్కడ అంగుళానికి సుమారు మూడు అంగుళాలు.

ఇంకా చదును చేసి ఎనిమిదిన్నర అడుగుల అంచు పెట్టి చూద్దాం. 8.5 వర్గం 72.25. 72 తీసేస్తే పావు మిగులుతుంది, ఎత్తు అర అడుగు, అంటే ఆరు అంగుళాలు. అంచుకు ఒక్క అంగుళం కలిపితే 8 అడుగుల 7 అంగుళాలు, వర్గం 73.67, ఎత్తు 1.29 అడుగులు, అంటే పదిహేను అంగుళాలన్నర. ఆరు ఎక్కడ, పదిహేనున్నర ఎక్కడ! అంగుళం తగ్గిస్తే అసలు పిరమిడే రాదు. 8 అడుగుల 5 అంగుళాల వర్గం 71 కూడా కాదు, 72కి తక్కువ. నాలుగు పైపులూ మధ్యలో కలవకముందే అయిపోతాయి. కాబట్టి చదునైన పిరమిడ్ కప్పుకు అంచు కొలత నుంచి ఎత్తు లెక్కగట్టడం సరికాదు. కొలిచే టేపులోనే అంత కచ్చితత్వం ఉండదు. పైపు మందం వల్ల బయటి అంచు కొలిచామా, మధ్య గీత కొలిచామా అన్న తేడాయే జవాబును తారుమారు చేయగలదు. అలాంటి చోట గుండు వేలాడదీసి ఎత్తును నేరుగా కొలుచుకోవాలి, అంచును పైపు కొనడానికే వాడుకోవాలి. ఇంకో మాట. l అనే సంఖ్య a/√2కంటే, అంటే భుజంలో 0.707 వంతుకంటే పెద్దది కాకపోతే పిరమిడ్ లేదు. పరీక్షల్లో ఇచ్చే లెక్కకైనా ముందు ఈ షరతు చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అడుగు నిజంగా చతురస్రమేనా అన్న అనుమానానికి జవాబు ఈ ఆకారంలోనే ఉంది. మామూలుగా నాలుగు సమాన భుజాలు ఉన్నంత మాత్రాన చతురస్రం కాదు, పక్కకు ఒరిగిన రాంబస్ కావచ్చు. కానీ పైన నాలుగు సమానమైన అంచులు ఒకే కొనకు చేరుతుంటే, కింది నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉంటే, ఒరగడానికి వీల్లేదు. నాలుగు మూలలూ కొన నుంచి సమాన దూరంలో ఉన్నాయంటే, కొన నేరుగా కిందనున్న బిందువు నుంచి కూడా సమాన దూరంలోనే ఉంటాయి. అంటే ఒకే వృత్తం మీద ఉంటాయి. వృత్తం మీద కూర్చునే రాంబస్ చతురస్రం ఒక్కటే. ఈ వాదన మూలలు ఒకే మట్టంలో ఉన్నప్పుడే నిలుస్తుంది. డాబా నీళ్ళు పోవడానికి వాలుగా ఉండడం మామూలే. మొత్తం ఒకే వాలు అయితే ఇబ్బంది లేదు, మూలలు నాలుగూ ఒకే తలంలో ఉంటాయి. డ్రెయిన్ పైపు దగ్గర మూల పల్లంగా ఉంటేనే చిక్కు. పూర్తిగా వెల్డ్ చేయకముందు ఫ్రేమును అలాంటి చోట నిలబెడితే ఎదురెదురు మూలలు రెండు పైకి లేచి దూరం జరిగి, మిగతా రెండు దగ్గరికి వచ్చి, అడుగు మెలిపడుతుంది. పైపులన్నీ సరైన పొడవే, కానీ సూత్రం ఇచ్చే ఎత్తు రాదు. కర్ణాలు రెండూ టేపుతో కొలిచి చూస్తే తెలిసిపోతుంది. సమానంగా లేకపోతే అడుగు మట్టంలో లేనట్టే.

ఇక ఘనపరిమాణంలో మూడో వంతు ఎక్కడిది? ఘనం ఒకటి తీసుకుని దాని కేంద్రాన్ని ఎనిమిది మూలలతోనూ కలిపితే ఆరు పిరమిడ్లు ఏర్పడతాయి. ఒక్కో ముఖం ఒక్కో పిరమిడ్‌కు అడుగు. ఆరూ ఒకేలాంటివి కాబట్టి ఒక్కోదాని ఘనపరిమాణం a³/6. ఆ పిరమిడ్ ఎత్తు ఘనం భుజంలో సగం, అంటే a/2. a³/6 అన్నా, a² × (a/2) ÷ 3 అన్నా ఒకటే. ఎత్తు వేరే ఉన్న పిరమిడ్‌కు? దీన్ని పలుచని చతురస్రపు పొరలుగా కోసి, పొరల మందాన్ని మాత్రమే పెంచో తగ్గించో చేస్తే ఎత్తు ఎంత రెట్లు మారుతుందో ఘనపరిమాణం అన్ని రెట్లే మారుతుంది. మూడో వంతు అలాగే ఉంటుంది. మన దగ్గర బ్రహ్మగుప్తుడు 628లోనే ఈ మూడో వంతును సరిగ్గా చెప్పాడు. అంతకుముందు 499లో ఆర్యభటుడు త్రిభుజపు అడుగు ఉన్న పిరమిడ్‌కు సగం అని చెప్పాడు. అది సరికాదని తర్వాత తేలింది. అంత గొప్పవాడు కూడా సగం అనుకున్నాడంటే ఈ మూడో వంతు కంటికి తేలిగ్గా తోచే విషయం కాదన్నమాట.

ఘనం నుంచి పుట్టిన ఆ పిరమిడ్‌ది ఇంకో విశేషం. పైపు పొడవు ఖాయమై, అడుగు భుజం మన ఇష్టానికి వదిలేస్తే, అన్నిటికంటే ఎక్కువ ఘనపరిమాణం ఇచ్చే ఆకారం అదే. కారణం ఇలా చూడొచ్చు. a² అంటే 2(l² − h²) కాబట్టి V అంటే h × (l² − h²)లో మూడింట రెండు వంతులు. దాని వర్గం ఎక్కువ కావాలంటే 2h², (l² − h²), (l² − h²) ఈ మూడింటి లబ్ధం ఎక్కువ కావాలి. మూడూ కలిపితే ఎప్పుడూ 2l², మారదు. మొత్తం మారని మూడు సంఖ్యల లబ్ధం అవి సమానమైనప్పుడే గరిష్ఠం. కాబట్టి 2h² = l² − h², దాని నుంచి a = 2h. ముఖం సరిగ్గా 45 డిగ్రీల వాలు.

11 అడుగుల పైపులకు ఈ భుజం 12.7 అడుగులు, ఎత్తు 6.35, ఘనపరిమాణం 341 ఘనపు అడుగులకు పైన. మనం తీసుకున్న 12 అడుగుల భుజం 336 ఇచ్చింది, అంటే గరిష్ఠానికి దగ్గరే. గీజా నిష్పత్తిలో అవే పైపులకు భుజం 11.56 దాకా వచ్చి 328 ఇస్తుంది. అదీ పెద్ద నష్టం కాదు. భుజాన్ని 10కి తగ్గిస్తే 281. అటువైపు 14కు పెంచితే 313. 15కు పెంచితే 219కి పడిపోతుంది. గరిష్ఠం దాటాక ఘనపరిమాణం ఇంత వేగంగా పడడానికి కారణం ఎత్తే. 14 దగ్గర 4.8 అడుగులున్నది 15 దగ్గర 2.9 అడుగులే. చోటు ఎక్కువ వస్తుందని అడుగును పెంచుకుంటూ పోయేవాళ్ళకు, 15 అడుగుల ఆరున్నర అంగుళాలు దాటిన కాసేపట్లోనే పైపులు నేలకు పరుచుకుని లోపల చోటే మిగలదు.